కోపం చల్లారాక వచ్చే ప్రశాంతతను నమ్మకండి: బెంగళూరు రేసుల్లో టిల్ట్ అయినప్పుడు ఏం చేయాలి

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి అంటారు మనవాళ్ళు. ఉంగరం పోతే సరే, వెతకండి. రేసుకోర్సులో పోయిన వెయ్యి మాత్రం పోయిన చోట ఉండదు, అప్పటికే ఇంకొకరి జేబులోకి వెళ్ళిపోయి ఉంటుంది. అయినా శనివారం సాయంత్రం రేస్‌కోర్స్ రోడ్డు నుంచి మెజెస్టిక్ వైపు తలకాయలు వేలాడేసుకుని నడిచేవాళ్ళలో తెలుగు మాటలు వినిపిస్తే ఒకసారి చెవి పెట్టండి, అందరిదీ దాదాపు ఒకే కథ. మూడో రేసులో అన్యాయంగా పోయింది, అది రాబట్టుకుందామని చూస్తే మిగతాదీ పోయింది.

ఏ గుర్రం మీద కట్టాలో నేను చెప్పను, నాకు తెలిస్తే ఇలా రాస్తూ కూర్చోను కదా. చెప్పేదల్లా ఒకటే: గెలవాల్సిన పందెం దెబ్బకొట్టి పోయినప్పుడు, అంటే బ్యాడ్ బీట్ తగిలినప్పుడు, ఆ తర్వాతి రెండు గంటలు ఎలా గడపాలి.

టిల్ట్ అనే మాట పిన్‌బాల్ మెషిన్ల నుంచి వచ్చింది. బంతి తను కోరిన వైపు పోవడం లేదని ఆడేవాడు మెషిన్ని పట్టుకుని కుదిపితే, మెషిన్ మీద టిల్ట్ అని లైటు వెలిగి ఆట ఆగిపోయేది. ఓడిన కోపంలో బుర్ర అదుపు తప్పి ఆడడానికి పేకాట వాళ్ళు అదే పేరు పెట్టుకున్నారు, తర్వాత అది పందేలు కట్టేవాళ్ళందరిదీ అయింది. తేడా ఏమిటంటే మెషిన్ తనంతట తనే ఆగిపోతుంది. మనకు ఆ లైటు లేదు కాబట్టి ముందే అమర్చుకోవాలి.

ఒక శనివారం లెక్క

మా పాత రూమ్మేట్, అనంతపురం వైపు వాడు, ఒక శనివారం ఆడిన ఆట ఇది. గుర్రాల పేర్లు వదిలేసి, లెక్క సులువుగా ఉండేలా అంకెలు సర్ది, పన్ను ఇప్పటి రేటు ప్రకారం వేసి చెబుతున్నా. ముందు రోజు రాత్రి రేసు బుక్ ముందేసుకుని నాలుగు రేసుల్లో టిక్ పెట్టుకున్నాడు. మొదటి రెండింట్లో ఐదేసి వందలు, మూడో దాంట్లో వెయ్యి, చివరిదైన ఏడో రేసులో ఐదు వందలు. పన్ను గురించి ఒక్క మాట: 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 40 శాతం, అదీ పందెం మొత్తం మీద. అంటే వెయ్యి పందేనికి జేబులోంచి పోయేది 1,400. నాలుగు పందేలకూ కలిపి 3,500 అవుతుంది, పర్సులో 5,000 ఉంది. ఇంతవరకు పద్ధతిగానే ఉంది.

మొదటి రెండు రేసులూ మామూలుగా పోయాయి. 1,400 పోయింది, వాడు పట్టించుకోలేదు కూడా. మూడో రేసులో త్రీ టు వన్ రేటు ఉన్న గుర్రం మీద వెయ్యి కట్టాడు. గుర్రం మెడ తేడాతో ముందొచ్చింది. వీడు ఎగిరి పక్కనున్న ఎవరో పెద్దాయన్ని వాటేసుకున్నాడు, ఎందుకంటే వెనక్కి వచ్చేది నాలుగు వేలు. అంతలో మైకులో అబ్జెక్షన్ అన్నారు. చివరి మలుపులో ఈ గుర్రం పక్కదానికి అడ్డం వెళ్ళింది, ఆ సంగతి వీడియోలో అందరికీ కనిపించింది, తీర్పు కూడా సరైనదే. మొదటి స్థానం రెండో స్థానం అయింది, విన్ టికెట్ చిత్తుకాగితం అయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ రేసులో వాడికి నిజంగా పోయింది ఎంత? 1,400. వాడి మనసులో పోయింది ఎంత? నాలుగు వేలు, ఎందుకంటే ఆ ఐదు నిమిషాలూ ఆ నాలుగు వేలు వాడివే. మొదటి రెండు రేసుల్లో డబ్బు పోతే రాని మంట ఇక్కడ ఎందుకొచ్చిందంటే కారణం ఇదే. చేతికి రాని డబ్బును మనసు అప్పటికే ఖాతాలో వేసేసుకుంది, ఇప్పుడు దాన్ని నష్టంగా రాసుకుంటోంది. బ్యాడ్ బీట్‌కీ మామూలు ఓటమికీ తేడా అంతా ఈ లేని నాలుగు వేలలోనే ఉంది.

నాలుగో రేసులో టిక్ లేదు. అయినా 1,500 కట్టాడు, పన్నుతో 2,100. ఎందుకని అడిగితే అదే జాకీ, వాడికీ కసి ఉంటుంది కదా అన్నాడు. పోయింది. పర్సులో వంద రూపాయలు మిగిలాయి. ఐదో రేసుకి పక్కనున్న స్నేహితుడి దగ్గర తీసుకుని రెండు వేలు కట్టాడు, పన్నుతో 2,800. అదీ పోయింది. ఆరో రేసు జరుగుతుంటే ఏటీఎం దగ్గర ఉన్నాడు, అందుకే ఆ రేసు ఒక్కటి తప్పింది. అప్పటికి మొత్తం 7,700.

ఇప్పుడు చివరి రేసు. దీంట్లో వాడు రాత్రి టిక్ పెట్టుకున్న గుర్రం ఉంది, రేటు ఫైవ్ టు టూ. ఐదు వందలు కడితే గెలిచినా వచ్చేది 1,750. దాంతో ఏమవుతుంది, గుంత పూడదు కదా. అందుకని దాన్ని వదిలేసి టెన్ టు వన్ గుర్రం మీద వెయ్యి కట్టాడు, పన్నుతో 1,400. గెలిస్తే పదకొండు వేలు వస్తాయి, మొత్తం ఖర్చు 9,100 పోగా ఇంకో 1,900 మిగులు. ఈ లెక్క వాడు నాకు చాలా ప్రశాంతంగా, వేళ్ళు లెక్కపెట్టి మరీ చెప్పాడు. అరుపుల్లేవు, తిట్లు లేవు. గుర్రం ఐదో స్థానంలో వచ్చింది. (టిక్ పెట్టిన గుర్రం గెలిచిందా అని అడుగుతారేమో. అదీ ఓడిపోయింది. కానీ అక్కడ పోయేది ఏడు వందలు.)

రెండు జబ్బులు, రెండు టైమర్లు

వాడి సాయంత్రాన్ని జాగ్రత్తగా చూస్తే రెండు వేర్వేరు విషయాలు కనిపిస్తాయి. నాలుగో రేసులో కట్టింది కోపంతో. గుండె వేగంగా కొట్టుకుంటోంది, మెదడు జాకీల కసి గురించి కథలు అల్లుతోంది. అది టిల్ట్. చివరి రేసులో కట్టింది కోపంతో కాదు. అప్పటికి కోపం చల్లారింది. అక్కడ పనిచేసింది పోయినదాని లెక్క. ఏ గుర్రం బాగుంది అని కాకుండా, ఏ రేటు అయితే నా గుంత పూడుతుంది అని చూసి గుర్రాన్ని ఎంచుకున్నాడు. పోయిన డబ్బు ఏం చేసినా తిరిగిరాదు, దాన్ని పట్టించుకుని ఇప్పటి నిర్ణయం తీసుకోవడాన్నే సంక్ కాస్ట్ అంటారు.

చివరి రేసు సంగతి కొత్తదేం కాదు. రేసుల్లో పొద్దుగూకే కొద్దీ జనం గెలిచే అవకాశం తక్కువున్న, రేటు ఎక్కువున్న గుర్రాల వైపు వెళ్తారని 1956లోనే మెక్‌గ్లాత్లిన్ అనే పరిశోధకుడు అమెరికా రేసుల లెక్కలు తీసి చూపించాడు. 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ దీన్నే ప్రస్తావిస్తూ, నష్టంతో ఇంకా రాజీపడని మనిషి మామూలుగా ముట్టుకోని పందేలు కూడా కడతాడని వివరించారు. మనకైతే ఇంకా పాత ఉదాహరణే ఉంది. ధర్మరాజు పోగొట్టుకున్నదంతా ధృతరాష్ట్రుడు తిరిగిచ్చి పంపించేశాక, దారిలో మళ్ళీ పిలిస్తే మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం వచ్చింది ఆ రెండో ఆటలోనే. అప్పుడు ఆయన అరిచాడనీ, కోపంగా ఉన్నాడనీ ఎవరూ చెప్పరు.

కోపం సాధారణంగా అరగంటలో, మహా అయితే గంటలో దిగుతుంది. రాబట్టుకోవాలన్న లెక్క మాత్రం ఆ రోజంతా దిగదు, ఒక్కోసారి వారం ఉంటుంది. మనలో చాలామంది చేసే తప్పు ఏంటంటే బయటికెళ్ళి ఒక టీ తాగి, ఇప్పుడు కూల్‌గా ఉన్నాను కాబట్టి ఆడొచ్చు అనుకోవడం. కూల్‌గా ఉన్న మాట నిజమే, రెండోది ఇంకా లోపలే ఉంది. అందుకే కింద చెప్పేదాంట్లో కోపానికి ఒక పద్ధతి, లెక్కకి ఇంకో పద్ధతి.

ముందు రోజు రాత్రి

పని సగం ఇక్కడే అయిపోవాలి, ఎందుకంటే టిల్ట్‌లో ఉన్నప్పుడు కొత్తగా ఏ నిర్ణయమూ సరిగ్గా తీసుకోలేం. రేసు బుక్‌లో టిక్ పెట్టిన ప్రతి గుర్రం పక్కన రెండు అంకెలు పెన్నుతో రాయండి: ఎంత కడతాను, కనీసం ఏ రేటు ఉంటేనే కడతాను. పన్నుతో కలిపి జేబులోంచి పోయే మొత్తం కూడా రాయండి. ఒక్కసారి ఈ పన్ను లెక్క కాగితం మీద చూస్తే చాలా ఆవేశం అక్కడే దిగిపోతుంది. ఈవెన్ మనీ గుర్రం మీద వెయ్యి కడితే గెలిస్తే వచ్చేది రెండు వేలు, పెట్టింది 1,400. అంటే వంద పందేల్లో డెబ్బై గెలిస్తేగానీ అసలు కూడా నిలబడదు. ఇలాంటి ఆటలో పోయింది రాబట్టుకుంటా అనడం ఎక్కే ఎస్కలేటర్ మీద కిందికి దిగడమే.

తర్వాత ఒక్కో పందెం డబ్బు ఒక్కో కవర్లో, మీద రేసు నంబర్ రాసి పెట్టండి. టిఫిన్‌కి, మెట్రోకి వేరే డబ్బు. డెబిట్ కార్డు ఇంట్లో వదిలేయండి. యూపీఐ రోజువారీ పరిమితిని బ్యాంకు యాప్‌లో తగ్గించుకునే వీలుంటే రాత్రే తగ్గించండి. మా రూమ్మేట్ పర్సులో 3,500 బదులు 5,000 ఉండడమే నాలుగో రేసుకి తలుపు తెరిచింది. జాగ్రత్త కోసం ఉంచుకున్న ఆ పదిహేను వందలే టిల్ట్‌కి పెట్టుబడి అయింది.

అక్కడికి ఎవరితో వెళ్తున్నారో వాళ్ళకి ఒక మాట చెప్పండి: ఏం అడిగినా అప్పు ఇవ్వొద్దు అని. మొహమాటంగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఐదో రేసు పందెం మొత్తం ఆ మొహమాటం మీదే నడిచింది.

దెబ్బ తగిలిన వెంటనే

ముందు ఇది బ్యాడ్ బీట్ అని గుర్తుపట్టాలి. ఫోటో ఫినిష్‌లో పోవడం, అబ్జెక్షన్‌లో పోవడం, ముందున్న గుర్రం చివరి యాభై మీటర్లలో దొరికిపోవడం, ఆఖరి నిమిషంలో మార్చుకున్న గుర్రం ఓడి, వదిలేసింది గెలవడం. ఈ నాలుగూ ఎక్కువగా మంట పెడతాయి. ఒంట్లో గుర్తులు మనిషిని బట్టి ఉంటాయి, నాకైతే చెవులు వేడెక్కుతాయి, నడక వేగం పెరుగుతుంది. కానీ నమ్మదగిన గుర్తు నోటి మాటే. రావాల్సింది అనే మాట మీ నోటి వెంట వచ్చిందంటే లైటు వెలిగినట్టే. ఇంకో గుర్తు, తర్వాతి రేసు బుక్ తెరవకముందే ఎంత కట్టాలో మనసులో అంకె సిద్ధంగా ఉండడం.

లైటు వెలిగాక తర్వాతి రేసు వదిలేయాలి. టిక్ పెట్టిన రేసైనా సరే, కవరు మూసే ఉండాలి. దీనికి మినహాయింపు పెట్టుకోకండి, పెట్టుకుంటే ప్రతిసారీ ఆ మినహాయింపే వాడతారు. రేసుకీ రేసుకీ మధ్య దాదాపు అరగంట ఉంటుంది కాబట్టి ఒక రేసు వదిలితే గంట దగ్గర దొరుకుతుంది, కోపానికి అది చాలు. అయితే ఆ గంట బుకీల మధ్యో, టీవీల ముందో నిలబడి గడిపితే పనిచేయదు. మన రేసుల మధ్య ఖాళీలో వేరే ఊళ్ళ రేసులు స్క్రీన్ మీద వస్తూనే ఉంటాయి, వాటి మీదా కట్టొచ్చు. ఇక్కడి నాలుగో రేసు వదిలేశానని చెప్పుకుంటూ వేరే ఊరి రేసు మీద కట్టినవాళ్ళు నాకు తెలుసు.

స్క్రీన్ కనబడని చోటికి, వీలైతే గేటు బయటికి వెళ్ళండి. ఏదైనా తినండి, మధ్యాహ్నం నుంచి కాఫీల మీద బతికినవాడికి సగం టిల్ట్ ఆకలే. బీరు మాత్రం వద్దు. ఊపిరి లోపలికి తీసుకున్న దానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు వదులుతూ పది నిమిషాలు నడవండి. జరిగింది ఎవరికీ చెప్పకండి. ఫోన్ చేసి కథంతా చెప్పాలనిపిస్తుంది, చెప్పిన ప్రతిసారీ ఆ నాలుగు వేలు మళ్ళీ ఒకసారి పోతాయి.

తర్వాత ఆ చచ్చిన టికెట్ వెనక మూడు ముక్కలు రాయండి. ఒకటి, నా చేతి నుంచి పోయింది 1,400. రెండు, నాకు ఎప్పుడూ రానిది 4,000. మూడు, రేసు మొదలయ్యే ముందు ఇది మంచి పందెమేనా? మూడోదానికి అవును అనే జవాబు రావచ్చు, గుర్రం నిజంగానే బాగా పరిగెత్తి ఉండొచ్చు. మంచి పందేలు కూడా ఓడిపోతాయి. అది రాసుకుంటే కసి కొంచెం తగ్గుతుంది, ఎందుకంటే కసిలో సగం నేను మోసపోయాను అనే భావనే.

గేటు ప్రశ్న

ఇప్పుడు లెక్క జబ్బు. గంట గడిచింది, శాంతంగా ఉన్నారు, రెండు రేసులు మిగిలాయి. ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడే గేటులోంచి లోపలికి వచ్చాను, ఇవాళ ఒక్క రూపాయి కూడా పోలేదు, అయితే ఈ గుర్రం మీద ఇంతే డబ్బు కడతానా?

ప్రశ్న మంచిదే కానీ టిల్ట్‌లో ఉన్న బుర్ర దీనికి అబద్ధం చెబుతుంది. మా రూమ్మేట్‌ని అడిగి ఉంటే టెన్ టు వన్ గుర్రానికి కూడా ఆ కడతా, చూడు దాని లాస్ట్ రన్ అనేవాడు. అందుకే జవాబు బుర్రని అడగొద్దు, రాత్రి రాసిన కాగితాన్ని అడగండి. టిక్ ఉందా, అంతే డబ్బా, రేటు రాసిన దానికి తగ్గలేదా. మూడూ అవునైతే కవరు తెరవండి. ఒక్కటి కాదన్నా మెజెస్టిక్ వైపు నడక మొదలుపెట్టండి. టిక్ ఉన్న గుర్రమే కానీ పందెం పెంచాలనిపిస్తోంది అన్నా సరే, జవాబు కాదనే. పందెం మొత్తం గుర్రాన్ని బట్టి కాకుండా పోయినదాన్ని బట్టి పెరుగుతోందంటే సంక్ కాస్ట్ అనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇదే రోజు రెండో బ్యాడ్ బీట్ తగిలితే ఇంక ప్రశ్నలు లేవు, ఇంటికే. గోరుచుట్టు మీద రోకటి పోటు పడ్డాక ఎవరూ సరిగ్గా ఆలోచించలేరు, నేను చూడలేదు.

ఇంటికొచ్చాక

రాత్రి ఆ రోజు నష్టాన్ని ఒక నోటుబుక్‌లో రాయాలి, అయితే రోజు లెక్కగా కాదు, సీజన్ మొదటి నుంచి నడుస్తున్న మొత్తం కింద. చివరి రేసు మనల్ని లాగేది ఎందుకంటే రోజు ముగిసేలోపు సున్నాకి రావాలని మనసు అనుకుంటుంది. గుర్రాలకి శనివారం అయిపోయిందని తెలియదు. నడుస్తున్న మొత్తం కళ్ళముందు ఉంటే చివరి రేసు కూడా మిగతావాటిలాంటి ఒక రేసే. మొత్తం చూసి గుండె జారితే జారనివ్వండి, అది నిజమైన అంకె.

ఆ తర్వాత మూడు రోజులు, డెబ్బై రెండు గంటలు, ఏ పందెమూ లేదు. ఈ మూడు రోజుల్లో ముఖ్యంగా జాగ్రత్త పడాల్సింది ఫోన్‌తో. ఆదివారం పొద్దున ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు, పన్ను లేదు, డబ్బు ఇప్పుడు ఇవ్వక్కర్లేదు, సోమవారం లెక్క చూసుకుందాం అని. దొంగ బుకీతో ఆడడం నేరమన్నది ఒక సంగతి. టిల్ట్ అయినవాడికి అంతకంటే పెద్ద ప్రమాదం ఆ అప్పు. కవర్లు, కార్డు ఇంట్లో వదలడం, ఇదంతా చేతిలో డబ్బు అయిపోతే ఆట ఆగుతుందన్న నమ్మకం మీద కట్టింది. అప్పు మీద ఆడే చోట అయిపోవడం అనేదే లేదు. ఆ నంబర్ బ్లాక్ చేయండి, చేయలేకపోతున్నారంటే అది కూడా ఒక గుర్తే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 చట్టం దేశమంతా నిషేధించింది కాబట్టి, ఇప్పుడు ఎవరైనా యాప్ లింకు పంపితే అది ఏ గొడవొచ్చినా అడగడానికి దిక్కులేని చోటు అని తెలుసుకోండి.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదు

ఇది అప్పుడప్పుడు తల తిరిగే మామూలు మనిషికి. రాత్రి రాసిన కాగితాన్ని వరుసగా మూడు వారాలు మీరే తప్పారనుకోండి, లేదా అద్దె డబ్బు, ఇంటికి పంపాల్సిన డబ్బు కవర్లలోకి వచ్చిందనుకోండి, లేదా ఎంత పోయిందని ఇంట్లో అడిగితే తగ్గించి చెబుతున్నారనుకోండి, అప్పుడు ఇది టిల్ట్ కాదు, కవర్లతో తీరదు. టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వానిదే, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్‌లో వ్యసనాల విభాగం ఉంది, జూదం కోసం వచ్చేవాళ్ళని కూడా చూస్తారు. మా రూమ్మేట్ వెళ్ళింది అక్కడికే, నేనూ తోడు వెళ్ళాను. మొదటి రోజు డాక్టరు గారు ఎంత పోయిందని అడిగితే వాడు 9,100 అన్నాడు. ఆయన రాసుకుని, ఈ శనివారం కాదు బాబూ, మొత్తం ఎంత అని అడిగారు. వాడి దగ్గర ఆ అంకె లేదు.